నిమిషంలో పరిచయం: బిరుదులు పోస్టర్ మీద, ప్రశ్న మైకులో

మా అన్నయ్య కూతురు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ లెక్చరర్. మొన్నామధ్య ఫోన్ చేసి, "బాబాయ్, ఎల్లుండి మా డిపార్ట్‌మెంట్‌లో గెస్ట్ లెక్చర్ ఉంది, వచ్చే ఆయన్ని పరిచయం చేసే పని నామీద పడింది, ఆయన ప్రొఫైల్ చూస్తే రెండున్నర పేజీలుంది, అందులో ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తెలియడం లేదు" అంది. ఏదీ తీసెయ్యొద్దు తల్లీ, మొత్తంగా పక్కన పెట్టేసి ఆయనకే ఒకసారి ఫోన్ చెయ్యి అన్నాను. దానికి నచ్చలేదు. పెద్దాయన కదా, హెచ్ఓడీ గారు ముందు వరసలో కూర్చుంటారు కదా, నిమిషంలో ముగిస్తే అవమానించినట్టు ఉండదా అని అడిగింది. మామూలుగా అందరికీ వచ్చే భయమే. దానికి ఫోన్లో సగం సగం చెప్పినదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాని మీద నాకున్న అనుమానాలూ గట్టివే.

నా అభిప్రాయం ఇది. వక్తని పరిచయం చేసే మనిషి చేయాల్సిన పని ఒక్కటే: ఆ వక్త మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్న ఒకటి శ్రోతల మనసులో లేపి, ఆయన పేరు చెప్పి, తప్పుకోవడం. దీనికి నిమిషం చాలు. డిగ్రీలు, పదవులు, పురస్కారాలు, ప్రచురించిన పేపర్ల సంఖ్య, వెళ్ళొచ్చిన దేశాలు, ఇవన్నీ పోస్టర్ మీదా వాట్సాప్ ఆహ్వానంలోనూ ఉండాలి. ఉన్నాయి కూడా. శ్రోత హాల్లోకి వచ్చి కూర్చున్నాడంటే వాటిని చూసే వచ్చాడు.

జాబితా చదువుతుంటే హాల్లో ఏం జరుగుతుంది

మనలో చాలామందికి ఈ అనుభవం ఉంది కాబట్టి ఎక్కువ వర్ణించను. "వీరి గురించి చెప్పడమంటే సూర్యుడికి దివిటీ పట్టినట్టే" అని మొదలవుతుంది, తర్వాత పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, ప్రాథమిక విద్య, ఉన్నత విద్య, ఒక్కో ఉద్యోగంలో చేరిన సంవత్సరం. అయితే ఒక్కసారి శ్రోతల వంక కాక వేదిక మీద కూర్చున్న వక్త వంక చూడండి. మొదటి నిమిషం నవ్వుతూ ఉంటాడు. రెండో నిమిషానికి శాలువా సర్దుకుంటాడు, నీళ్ళ సీసా మూత తీసి మళ్ళీ పెడతాడు. మూడో నిమిషానికి ఎక్కడ చూడాలో తెలియక బల్ల మీది పూలగుత్తిని చూస్తుంటాడు. తన జీవితాన్ని తన ఎదురుగానే ఇంకొకరు తడబడుతూ చదువుతుంటే ఏ మనిషికైనా ఇబ్బందే. పైగా ఆయన ఏం మాట్లాడాలో మనసులో పేర్చుకుని వచ్చాడు, ఆ పేర్పు ఇప్పుడు చెదిరిపోతోంది.

జాబితా వల్ల నష్టం జరిగిందో లేదో తెలుసుకోవడానికి నేను చూసేది వక్త నోట వచ్చే మొదటి వాక్యం. "నా గురించి చాలా గొప్పగా చెప్పారు, నేను అంతటివాణ్ణి కాదు" అని మొదలుపెట్టాడంటే, ఆ నిమిషం మన పరిచయం ఆయన దగ్గర లాగేసుకున్నదే. వినయం చూపించి, పొగడ్తని కిందికి దించి, తర్వాత గాని ఆయన విషయంలోకి రాలేడు. అదే పరిచయం సరిగ్గా కుదిరితే మొదటి వాక్యం వేరేగా వస్తుంది: "ఆవిడ ఇప్పుడు అడిగిన ప్రశ్న ఉంది చూశారా, సరిగ్గా దాని దగ్గరే నేనూ చాలాకాలం ఆగిపోయాను" అంటూ నేరుగా విషయంలోకి దిగిపోతాడు.

జాబితాతో ఆసక్తి ఎందుకు పుట్టదన్న దానికి 1994లో జార్జ్ లోవెన్‌స్టీన్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన సిద్ధాంతం నాకు బాగా నచ్చింది. మనకి తెలిసినదానికీ తెలుసుకోవాలని ఉన్నదానికీ మధ్య ఖాళీ కనబడినప్పుడే కుతూహలం పుడుతుందని ఆయన అంటాడు. ఇందులో గమనించాల్సింది, ఏమీ తెలియని చోట కుతూహలం ఉండదు. ముందు కాస్త తెలియాలి, అప్పుడే మిగిలింది తెలియడం లేదన్న సంగతి గుచ్చుకుంటుంది. పురస్కారాల జాబితాలో ఈ ఖాళీ ఉండదు. ఫలానా సంవత్సరం ఫలానా అవార్డు అన్నాక శ్రోతకి అడగాలనిపించేది ఏమీ మిగలదు, అది ముగిసిపోయిన వాక్యం. అలాగని, "ఈ రోజు మీరు అద్భుతమైన సంగతులు వినబోతున్నారు" అన్నా లాభం లేదు, అక్కడ తెలిసింది ఏమీ లేదు కాబట్టి ఖాళీ కూడా లేదు. ముందు ఒక గట్టి వివరం చేతికివ్వాలి, ఆ వివరం ఎక్కడ ఆగిపోతుందో చూపించాలి.

వక్తకి చేసే ఫోన్

ఆ గట్టి వివరం ప్రొఫైల్లో దొరకదు, అందుకే ఫోన్. అయిదు నిమిషాల ఫోన్ చాలు. "సార్, మీ గురించి రెండు ముక్కలు చెప్పండి" అని అడిగితే మళ్ళీ ప్రొఫైలే చెబుతారు. నేను అడిగేవి వేరే. ఈ విషయంలో జనం ఎక్కువగా తప్పుగా అనుకునేది ఏమిటి? మా వాళ్ళు చివర్లో ఏ ప్రశ్న అడిగితే మీకు సంతోషం? అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది: మీరు దేనితో మొదలుపెడుతున్నారు? ఇది అడిగేది దాన్ని వాడుకోవడానికి కాదు, పొరపాటున కూడా దాని జోలికి పోకుండా ఉండడానికి.

మా అమ్మాయి చివరికి ఫోన్ చేసింది. వచ్చే ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు, చెరువు కట్టల గురించి మాట్లాడతారు. జనం తప్పుగా అనుకునేది ఏమిటి అని అడగ్గానే ఆయన ఉత్సాహంగా చెప్పారట: చెరువు నిండుగా ఉన్నప్పుడే కట్టకి ప్రమాదం అని అందరూ అనుకుంటారమ్మా, కానీ నీళ్ళు గబగబా దిగిపోయినప్పుడు లోపలివైపు వాలు జారిపోయే ప్రమాదం ఉంటుంది, అప్పటిదాకా నీళ్ళు ఆ వాలుని నొక్కి పట్టి ఉంచాయి, ఇప్పుడు బయట నీళ్ళు లేవు, మట్టి లోపల మాత్రం తడి అలాగే ఉండిపోయింది, ఆ బరువుకి జారుతుంది. మా అమ్మాయి సంబరపడిపోయి నాకు ఫోన్ చేసింది, బాబాయ్ దొరికింది, ఇదే చెప్పేస్తాను అని. ఆయన దేనితో మొదలుపెడతానన్నారు అని అడిగాను. దీనితోనే, మొదటి స్లైడ్ ఇదేనట అంది.

పరిచయాల్లో జాబితా కంటే పెద్ద ప్రమాదం ఇదే అని నా ఉద్దేశం. జాబితా చదివితే శ్రోతలు విసుక్కుంటారు, అంతే. వక్త దాచుకున్న సంగతిని మనం ముందే చెప్పేస్తే ఆయన మొదటి పది నిమిషాలూ చప్పబడిపోతాయి. అప్పటికప్పుడు వేరే ఆరంభం వెతుక్కోవాలి, లేదా మనం చెప్పిందే ఆయన మళ్ళీ చెప్పాలి. అందుకని జవాబు ఆయనకే వదిలేసి ప్రశ్న వరకే ఉంచమన్నాను. అది చెప్పిన పరిచయం ఇలా తయారైంది: "మన కాలేజీ బస్సు రోజూ ఊరి చెరువు కట్ట మీదుగానే వస్తుంది. ఆ కట్టకి ఎప్పుడు ప్రమాదం అని అడిగితే ఇక్కడున్న వాళ్ళందరం ఒకటే జవాబు చెబుతాం. ఆ జవాబు సగమే నిజం అంటున్నారు ఈయన. ఉద్యోగ జీవితమంతా చెరువు కట్టల మీదే గడిపిన మనిషి. మిగతా సగం ఆయన్నే చెప్పమని అడుగుదాం." తర్వాత పేరు. వెనక బెంచీల్లో ఒకడు పక్కవాడితో "నిండినప్పుడే కదరా" అనడం తనకి వినబడిందట. పరిచయం పనిచేసిందనడానికి నాకు ఇంతకంటే గుర్తు అక్కర్లేదు.

ఒక పూర్తి ఉదాహరణ

పై ఉదాహరణలో వక్త ఎవరో మీకు తెలియదు కాబట్టి ఏం వదిలేశామో కూడా మీకు తెలియదు. అందుకని అందరికీ తెలిసిన మనిషిని తీసుకుందాం. చింతకింది మల్లేశం గారు ఒక ఇంజనీరింగ్ కాలేజీకి, మెకానికల్ విద్యార్థులతో మాట్లాడడానికి వస్తున్నారనుకోండి. మామూలు పద్ధతిలో పరిచయం ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పొచ్చు: ఆలేరు దగ్గర శారాజీపేటలో చేనేత కుటుంబంలో జన్మించారు, లక్ష్మీ ఆసు యంత్రాన్ని కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2019లో వీరి జీవితం సినిమాగా వచ్చింది, ఇంకా ఫలానా ఫలానా పురస్కారాలు. ఇందులో అబద్ధం లేదు. కానీ ఆసు అంటే ఏమిటో తెలియని పిల్లలకి "ఆసు యంత్రం" అన్నది ఒక పేరు మాత్రమే, కాబట్టి ఆ యంత్రాన్ని కనిపెట్టడం ఎంత కష్టమో ఊహించుకునే ఆధారం వాళ్ళకి లేదు.

రెండో పద్ధతి భావోద్వేగం. చిన్నప్పుడు రోజంతా ఆసు పోసి భుజాలు లాగేసిన అమ్మని చూసి ఆ కుర్రాడు యంత్రం చేయాలనుకున్నాడు, దానికి ఆమె పేరే పెట్టాడు. వినగానే కదిలిపోయే కథ, మైకు చేతిలో ఉన్నవాళ్ళకి చెప్పకుండా ఉండడం చాలా కష్టం. కానీ అది ఆయన కథ. ఆయన నోట వింటేనే దానికి బలం. మనం ముప్పై సెకన్లలో చెప్పేస్తే చప్పట్లు మనకి పడతాయి, ఆయనకి మిగిలేది తెలిసిన కథ.

నేనైతే ఇలా రాస్తాను:

"పోచంపల్లి పద్ధతిలో ఒక పట్టుచీర నేయాలంటే, దారం మగ్గం దాకా రాకముందే ఆసు పోయడం అనే పని ఉంది. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారం చేత్తో పట్టుకుని వాటి మధ్య మీటరు దూరం అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకి దాదాపు 9,000 సార్లు. తరతరాలుగా ఇళ్ళల్లో ఆడవాళ్ళే చేశారు. మీలో కొందరికి ఈపాటికే తోచి ఉంటుంది, ఒక మోటారు పెడితే సరిపోదా అని. బడి చదువు మధ్యలో ఆగిపోయిన ఒక కుర్రాడికీ అలాగే తోచింది. 1990ల మొదట్లో పని మొదలుపెడితే యంత్రం పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. చెయ్యి చేసే ఒక చిన్న కదలికని ఇనుముతో చేయించడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? ఎక్కడ ఆగిపోయింది? ఆయన్నే అడుగుదాం. లక్ష్మీ ఆసు యంత్రం రూపకర్త, పద్మశ్రీ చింతకింది మల్లేశం గారు."

గడియారం పెట్టుకుని, కంగారు పడకుండా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ చదివితే ఇది నిమిషం లోపలే అయిపోతుంది. తెలుగు మాటలు పొడుగు, విభక్తులన్నీ మాటలోనే కలిసిపోతాయి కాబట్టి నిమిషానికి వంద మాటలు దాటితే పరుగెత్తుతున్నట్టే. రాసుకున్నది 90 మాటల దగ్గర ఉంటే నిశ్చింతగా చెప్పొచ్చు.

ఇప్పుడు ఇందులో ఏది ఎందుకు ఉందో చూద్దాం. 9,000 అన్న సంఖ్య లోవెన్‌స్టీన్ చెప్పిన "కాస్త తెలియడం" కోసం. "చాలా శ్రమతో కూడిన పని" అంటే ఏ చెవికీ ఎక్కదు, 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ అంటే విన్నవాళ్ళ భుజమే ఒకసారి కదులుతుంది. మోటారు వాక్యం ఆ హాల్లో ఉన్న వాళ్ళ కోసం రాసింది, మెకానికల్ చదివేవాడికి సహజంగా వచ్చే ఆలోచన అదే, దాన్ని ముందే పట్టుకుని అన్నేళ్ళ సంగతి దాని పక్కన పెడితే ఖాళీ వాడికే కనబడుతుంది. "చదువు మధ్యలో ఆగిపోయిన" అన్నది ఉంచాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. జాలి పుట్టించడానికైతే తీసెయ్యాలి. ఇక్కడ అది జాలి కోసం లేదు. చేతిలో పాఠ్యపుస్తకం లేని మనిషి ఆ చిక్కుని ఎలా విప్పాడన్నదే విద్యార్థులు తెలుసుకోవాల్సింది, అందుకని ఉంచాను. అమ్మ ప్రస్తావన అసలు లేదు, "లక్ష్మీ" అన్న పేరు మాత్రం వినబడుతుంది. ఎవరీ లక్ష్మి అని ఎవరికైనా అనిపిస్తే ఆ జవాబు కూడా ఆయన దగ్గరే ఉంది.

పురస్కారాల్లో ఒక్క పద్మశ్రీ మిగిలింది, అదీ పేరుకి ముందు మాటగా. దానికోసం ప్రత్యేకంగా వాక్యం రాయలేదు.

ఒక ఇబ్బంది ఉంది. సినిమా చూసినవాళ్ళకి ఇదంతా తెలిసిందే కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. అందుకే ప్రశ్నని "ఎవరు, ఎందుకు" దగ్గర పెట్టకుండా "ఎక్కడ ఆగిపోయింది" దగ్గర పెట్టాను. కథ తెలిసినవాళ్ళకి కూడా ఏ భాగం ఎందుకు మొరాయించిందో, దాన్ని ఏ రకంగా దారికి తెచ్చారో ఆయన వివరిస్తే తప్ప తెలియదు. ప్రసిద్ధులని పరిచయం చేసేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. అందరికీ తెలిసిన కథని దాటి ఒక అడుగు లోపలికి వెళ్ళిన ప్రశ్న కావాలి.

మరి మర్యాద సంగతి?

నా అభిప్రాయానికి ఎదురయ్యే ప్రశ్నల్లో బలమైనది ఇదే, నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. మన సభల్లో పరిచయం అంటే సమాచారం కాదు, గౌరవం. జీవితమంతా ఒక పని చేసిన మనిషిని పదిమందిలో నిలబెట్టి, ఇదిగో ఈయన ఇన్ని చేశారు అని చెప్పడం ఒక మంచి సంప్రదాయం. కొందరికి అలాంటి రోజు జీవితంలో ఒకటో రెండో వస్తాయి. ఆ మాటలు వినడానికి భార్యా పిల్లలూ ముందు వరసలో కూర్చుని ఉంటారు. ఒకసారి ఒక చిన్న పట్నంలో, రిటైరైన తెలుగు మాస్టారి ప్రసంగానికి ముందు వారి శిష్యుడు చాలాసేపు వారి గురించి చెబుతుంటే, వెనక కూర్చున్న మాస్టారి భార్య కళ్ళు తుడుచుకోవడం చూశాను. దాన్ని గడియారంతో కొలవడం నావల్ల కాదు.

అయితే అది ప్రసంగానికి ముందే జరగాలన్న నియమం ఎక్కడా లేదు. మన దగ్గర సన్మాన పత్రం అనే చక్కని ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. ప్రసంగం అయ్యాక, శాలువా కప్పేటప్పుడు దాన్ని చదవండి, తీరిగ్గా, పూర్తిగా, పురస్కారాలతో సహా. గంటసేపు ఆ మనిషి మాట విన్నవాళ్ళు అప్పుడు ఆ జాబితాని వేరే చెవులతో వింటారు. ఓహో, ఇందాక ఆ మాట అన్నది ఈ అనుభవంతోనా అని కలుపుకుంటారు. ముందు చదివితే ఏ మాత్రం పట్టని వాక్యాలే తర్వాత చదివితే పట్టుకుంటాయి. అప్పటికి సగం మంది వెళ్ళిపోతారు కదా అంటారు నిర్వాహకులు. ప్రసంగం బాగుంటే వెళ్ళరు, నేను చూసినంతవరకు వెళ్ళేది వందన సమర్పణ మొదలయ్యాకే.

వక్తే స్వయంగా "ప్రొఫైల్ మొత్తం చదవండి" అంటే? అంటారు, ముఖ్యంగా పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళ తరఫున వాళ్ళ పీఏలు. అప్పుడు వాదనకి దిగకూడదు. ఆ ప్రొఫైల్‌ని ఒక పేజీగా అచ్చువేయించి కుర్చీల మీద పెట్టించండి, పెట్టించామని వాళ్ళకి ముందే చెప్పండి. నాకు తెలిసిన చోట్ల చాలావరకు ఇది సరిపోయింది. వినకపోతే చదవాల్సిందే, కాకపోతే జాబితా ముందు, ప్రశ్న చివర. చివరగా విన్నదే వక్త లేచి నిలబడేటప్పటికి చెవుల్లో ఉంటుంది.

కత్తిరించకూడనిది

రెండో అనుమానం నాకు ఒక పరిశోధన చదివాక వచ్చింది. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యసభల్లో వక్తల పరిచయాల వీడియోలని పరిశీలించి 2017లో ఒక వ్యాసం ప్రచురించారు. వక్తలందరికీ డాక్టరేట్ స్థాయి పట్టాలున్నాయి. మగవాళ్ళు తోటి మగ వక్తని పరిచయం చేసేటప్పుడు మొదటిసారి "డాక్టర్ ఫలానా" అని పిలిచింది 72 శాతం సార్లు. అదే మగవాళ్ళు ఆడ వక్తని పరిచయం చేసేటప్పుడు అది 49 శాతానికి పడిపోయింది. మిగతా సగం సార్లు వాళ్ళని డాక్టర్ అనకుండానే పిలిచారన్నమాట.

దీనితో మన విషయానికి సంబంధం ఏమిటంటే, "బిరుదులు తగ్గించండి" అన్న సలహా ఇస్తే ముందు ఎవరి బిరుదులు తగ్గుతాయో ఇది చెబుతోంది. మన వేదికల మీద కూడా "ప్రొఫెసర్ ఫలానా గారు", ఆ పక్కనే "ఫలానా మేడమ్" అనడం వింటూనే ఉంటాం. కాబట్టి నా నియమంలో ఒక మినహాయింపు గట్టిగా పెట్టుకున్నాను: వాక్యాలు ఎన్ని తీసేసినా పేరుకి ముందుండే డాక్టర్, ప్రొఫెసర్, జస్టిస్ తీయకూడదు. వేదిక మీద ఇద్దరు వక్తలుంటే ఇద్దరికీ ఒకే రకంగా ఉండాలి. దానికి పట్టేది ఒక్క సెకను.

అలాగే శ్రోతలు ఆ మనిషి మాట నమ్మి ఏదైనా చేయబోతున్నప్పుడు, అర్హత ఒకటి స్పష్టంగా చెప్పాలి. షుగర్ గురించి మాట్లాడే డాక్టర్‌ని తీసుకోండి. యూట్యూబ్‌లో కాకరకాయ రసంతో షుగర్ మాయం అనేవాళ్ళు ఇంతమంది ఉన్న రోజుల్లో, ఈవిడ ఎండోక్రైనాలజిస్టు, అంటే షుగర్‌తో సహా హార్మోన్ల జబ్బుల గురించే ప్రత్యేకంగా చదివిన డాక్టర్ అని చెప్పకపోతే అది శ్రోతలకి అన్యాయం. అయితే ఒక్కటి చాలు, ఆ రోజు విషయానికి నేరుగా తగిలేది. ఆవిడ అందుకున్న బంగారు పతకం, రోటరీ క్లబ్ అధ్యక్ష పదవి ఆ రోజు ఇన్సులిన్ గురించి చెప్పే మాటకి కొత్తగా ఏ బలమూ ఇవ్వవు. నేను వేసుకునే పరీక్ష ఇంతే: ఈ అర్హత తీసేస్తే ఈ రోజు ప్రసంగాన్ని నమ్మడంలో తేడా వస్తుందా? వస్తే ఉంచాలి.

మైకు దగ్గర

పేరు చివర్లో చెప్పాలి, అది చాలామంది మర్చిపోతారు. మొదటి వాక్యంలోనే పేరు చెప్పేస్తే అక్కడే చప్పట్లు పడిపోతాయి, వక్త లేవాలా కూర్చోవాలా తెలియక సగం లేచి మళ్ళీ కూర్చుంటాడు. పేరు చివరి మాటగా వస్తే చప్పట్లూ లేవడమూ మైకు దగ్గరికి నడవడమూ ఒకేసారి సాగిపోతాయి. పేరు తర్వాత "వారిని వేదిక మీదకి సాదరంగా ఆహ్వానిస్తూ, ఈ అవకాశం ఇచ్చిన యాజమాన్యానికి ధన్యవాదాలు" లాంటివి తగిలించకూడదు, అవి చప్పట్లలో ఎవరికీ వినబడవు కూడా.

ఆ పేరుని ముందే వక్తనే అడిగి సరిచూసుకోవాలి. ఇంటిపేరు ముందు చెప్పాలా, పొడి అక్షరాలు విప్పి చెప్పాలా, మనం రాత్రింబవళ్ళు చూసే పేరైనా సరే. ఇంగ్లీషులో టైపు చేసిన ప్రొఫైల్ చూసి చదివితే దీర్ఘాలు పోతాయి, ళ-ల, ణ-న కలిసిపోతాయి, ఇంటిపేర్లలో ఇది మరీ ఎక్కువ. పేరుని తెలుగులో రాసుకుని చేతిలో పెట్టుకోవడమే మందు. మిగతా పరిచయం చూడకుండా చెప్పగలిగితే మంచిది, టెన్షన్‌లో మొదటి వాక్యం మర్చిపోతామన్న భయం ఉంటే ఆ ఒక్క వాక్యం, చివర పేరు, రెండే కాగితం మీద ఉంటే చాలు.

ప్రశ్న అడిగాక ఒక క్షణం ఆగాలి. "ఎక్కడ ఆగిపోయింది?" అన్న వెంటనే ఊపిరి తీసుకోకుండా పేరు చెప్పేస్తే, శ్రోత మనసులో ప్రశ్న నాటుకునే వ్యవధి ఉండదు. రెండు సెకన్ల నిశ్శబ్దం వేదిక మీద నిలబడ్డవాళ్ళకి చాలా పొడుగ్గా అనిపిస్తుంది, కింద కూర్చున్నవాళ్ళకి తెలియను కూడా తెలియదు.

జూమ్ సభల్లో మాత్రం ఈ లెక్క కాస్త మారుతుంది. అమెరికాలోనూ ఇక్కడా ఒకేసారి జనం చేరే సాహిత్య సమావేశాల్లో మొదటి నాలుగైదు నిమిషాలు ఇంకా ఒక్కొక్కరే వస్తూంటారు, ఆడియో వినబడుతోందా అంటూంటారు. అప్పుడు ప్రశ్న చెబితే సగం మంది వినరు. ఆ సమయంలో ప్రొఫైల్‌ని తెర మీద ఉంచేయండి, చదువుకునేవాళ్ళు చదువుకుంటారు. అందరూ చేరాక తెర తీసేసి మన నిమిషం మొదలుపెట్టాలి.

ఒకే వక్త, వేరే హాలు

పైన మల్లేశం గారికి రాసిన పరిచయం దాచుకుని ఇంకో చోట వాడదామంటే కుదరదు. ఆయన్నే పోచంపల్లిలో నేతకారుల సమావేశానికి పిలిచారనుకోండి. అక్కడ ఆసు అంటే ఏమిటో వివరించడం మొదలుపెడితే మొదటి వాక్యానికే మన పరువు పోతుంది. 9,000 సార్లు అన్నది అక్కడున్న ఆడవాళ్ళ భుజాలకి మనకంటే బాగా తెలుసు. వాళ్ళకి తెలిసినది వేరు కాబట్టి ఖాళీ కూడా వేరే చోట ఉంటుంది. అక్కడ నేను ఇలా మొదలుపెడతాను:

"ఆసు గురించి ఈ హాల్లో ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. చేత్తో చీరకి నాలుగైదు గంటలు పట్టే పని యంత్రం మీద గంటన్నరకి దిగింది, అదీ మీకు తెలుసు. యంత్రం రాకముందు ఇది జరగని పని అని ఆయనకి చెప్పినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ మాట ఎంతవరకు నిజమైంది? నేతపనిలో చెయ్యి తప్ప దిక్కులేని చోట్లు ఇంకా ఏవి మిగిలాయని ఆయన అనుకుంటున్నారు? మీరు అడగండి, ఆయన చెబుతారు. చింతకింది మల్లేశం గారు."

ఇక్కడ పద్మశ్రీ కూడా చెప్పలేదు. ఆ హాల్లో ఆయన వాళ్ళ మనిషి, ఆ పురస్కారం వచ్చిన సంగతి తెలియనివాళ్ళు అక్కడ ఉండరు. అయినా నిర్వాహకులు చెప్పమంటే పేరుకి ముందు చెబుతాను, దానికి నాకు అభ్యంతరం లేదు. ఈ రెండో పరిచయం నిడివి మొదటిదానికంటే బాగా తక్కువే, రాయడానికి మాత్రం ఎక్కువసేపు పట్టింది, ఎందుకంటే నేతపని లోపలి సంగతులు తెలిసినవాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని అడిగితే గాని ఆ హాల్లో ఏ ప్రశ్న బతికి ఉందో నాకు తెలియలేదు.